హాజరు చెప్పాలి, గుట్టు విప్పొద్దు: గడువు కోసం కౌన్సెలర్ ఇచ్చే లేఖలో ఏం ఉండాలి?

బోధన్ శక్కర్‌నగర్ నుంచి నిజామాబాద్‌కు ఒక ఎం.ఏ. విద్యార్థిని ప్రతి శుక్రవారం బస్సులో వస్తుంది. క్లాసుకు కాదు, కౌన్సెలర్ దగ్గరికి. మార్చి 31 నాటికి ప్రాజెక్టు ఇవ్వాలి, కానీ రెండు నెలలుగా పని ముందుకు సాగలేదు. గడువు పెంచమని అడిగితే డిపార్ట్‌మెంట్‌లో ఒక్కటే మాట: "ఏదన్నా ప్రూఫ్ తీసుకురామ్మా." ఆ ప్రూఫ్ ఏమిటి, దాని మీద ఏం రాయించుకోవాలి, ఏం రాయించుకోకూడదు అన్నదే ఈ వ్యాసం.

ఈ విద్యార్థిని ఫలానా మనిషి కాదు. విషయం అర్థం కావడానికి మేము కూర్చుకున్న ఉదాహరణ. అయితే ఆమె వచ్చిన చోటు నిజం. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ బోధన్ బతికింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీని మూసేశారు. అక్కడ సీజన్ పనికి పోయిన దళిత కుటుంబాల పిల్లలు ఇప్పుడు డిగ్రీల్లో, పీజీల్లో ఉన్నారు. మన విద్యార్థిని తండ్రి కూడా సీజనల్ కార్మికుడే అనుకుందాం. ఆమె ప్రాజెక్టు అంశం కూడా ఆ కార్మికులే. ఆ అంశం చెప్పిన రోజు నుంచి గైడ్ ఆమె కులాన్ని ఎత్తి మాట్లాడుతున్నాడు. "మీ వాళ్ల కథలే రాసుకుంటే రీసెర్చ్ అయితదా" అని నలుగురిలో అన్నాడు. ఆమెకు నిద్ర పోయింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు ఆడడం లేదు. ఈ సంగతులన్నీ ఆమె కౌన్సెలర్‌తో చెప్పుకుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. గడువు పెంచమన్న దరఖాస్తు ముందుగా చేరేది ఆ గైడ్ టేబుల్ మీదికే. కౌన్సెలర్ మంచి మనసుతో "గైడ్ ప్రవర్తన వల్ల తీవ్ర ఒత్తిడికి లోనైంది" అని ఒక్క వాక్యం రాస్తే, నాలుగు గోడల మధ్య చెప్పుకున్న మాట ఆ మాటకు కారణమైన మనిషి చేతికే అందుతుంది. గడువు దొరుకుతుందో లేదో కానీ, ఇంటర్నల్ మార్కులు ఆ చేతిలోనే ఉన్నాయి.

మూడు రకాల కాగితాలు, మూడు వేర్వేరు పనులు

మన పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "లెటర్ కావాలి సార్" అంటారు కానీ ఏ లెటరో చెప్పరు.

మొదటిది హాజరు లేఖ. ఈ వ్యక్తి ఫలానా తేదీ నుంచి నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వస్తున్నారు, ఇన్ని సెషన్లు అయ్యాయి, ఇంకా కొనసాగుతున్నాయి అని మాత్రమే ఇది చెబుతుంది. కౌన్సెలర్‌కు కచ్చితంగా తెలిసిన విషయం ఇదే కనుక దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

రెండోది మద్దతు లేఖ. హాజరుతో పాటు, ఈ కాలంలో చదువు మీద నిలకడగా పని చేయడం ఈమెకు కష్టమైంది, గడువు ఇస్తే మేలు అన్న అభిప్రాయం ఇందులో ఉంటుంది. ఇది ఒక మెట్టు ఎక్కువ చెబుతుంది. విద్యార్థి ఒప్పుకుంటేనే, కౌన్సెలర్ ఆ సంగతి సెషన్లలో తానుగా గమనించి ఉంటేనే ఇది రాయాలి.

మూడోది వైద్య ధ్రువపత్రం. జబ్బు పేరు, చికిత్స, ఎన్ని రోజుల విశ్రాంతి అన్నవి రాసేది రిజిస్టర్డ్ డాక్టరు. జబ్బు నిర్ధారించే అధికారం మామూలు కౌన్సెలర్‌కు లేదు. "డిప్రెషన్‌తో బాధపడుతోంది" అని కౌన్సెలర్ రాసి ఇస్తే, ఆఫీసులో ఎవరైనా "మీరు డాక్టరా?" అని ఒక్క ప్రశ్నతో దాన్ని పక్కన పెట్టేయగలరు.

ప్రాజెక్టు, అసైన్‌మెంట్, సెమినార్ పేపర్ లాంటి వాటి గడువు డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది కనుక చాలాసార్లు మొదటి కాగితం సరిపోతుంది. సెమిస్టర్ పరీక్షకు హాజరు శాతం తగ్గినప్పుడు మాత్రం సంగతి వేరు. 75 శాతం హాజరు అడిగే విశ్వవిద్యాలయాలు తగ్గిన దాన్ని మాఫీ చేయడానికి సాధారణంగా వైద్య ధ్రువపత్రమే అడుగుతాయి. అక్కడ కౌన్సెలర్ లేఖ పట్టుకుని తిరిగితే కాళ్లు నొప్పులే. అందుకే ముందు రూల్ చదివి, ఆ తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవాలి.

లేఖ ఎలా ఉండాలి?

మన విద్యార్థిని ఫిబ్రవరి 6న మొదటి సెషన్‌కు వచ్చింది. ఆ తర్వాత 13న, 20న వచ్చింది. 27న తల్లికి జ్వరం వచ్చి రాలేకపోయింది. మార్చి 6న, 13న మళ్లీ వచ్చింది. మొత్తం 5 సెషన్లు. మార్చి 16న ఆమె లేఖ అడిగింది. కౌన్సెలర్ ఇలా రాసింది అనుకుందాం:

"ఫలానా విద్యార్థిని, ఎం.ఏ. రెండో సంవత్సరం, రోల్ నంబర్ ఫలానా, ఫిబ్రవరి 6 నుంచి నా వద్ద కౌన్సెలింగ్‌కు వస్తున్నారు. ఈ లేఖ తేదీ నాటికి 5 సెషన్లకు హాజరయ్యారు. సెషన్లు కొనసాగుతున్నాయి. ప్రాజెక్టు గడువు పొడిగింపు దరఖాస్తుకు జత చేయడానికి మాత్రమే, ఆమె కోరిక మేరకు, ఆమె రాతపూర్వక అనుమతితో ఈ లేఖ ఇస్తున్నాను. సెషన్లలో మాట్లాడిన విషయాలు గోప్యం కనుక వాటిని ఇందులో చేర్చలేదు. ఈ లేఖ నేనే ఇచ్చానా అని తెలుసుకోవడానికి కింది నంబరుకు ఫోన్ చేయవచ్చు. అంతకు మించిన వివరాలు ఇవ్వలేను."

కింద పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు, సంతకం, తేదీ. అంతే. ఆఫీసు ఇంగ్లిష్‌లోనే అడిగితే ఇవే వాక్యాలను ఇంగ్లిష్‌లో రాయించుకోవచ్చు, కానీ భాష మారేటప్పుడు కొత్త మాటలు చేరకుండా చూసుకోవాలి.

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. మొదలైన తేదీ, సెషన్ల సంఖ్య, కొనసాగుతున్నాయన్న మాట కలిస్తే ఇది గడువు కోసం నిన్న మొన్న పుట్టిన కథ కాదని తెలుస్తుంది. "గడువు పొడిగింపునకు మాత్రమే" అన్న మాట లేకపోతే ఇదే కాగితం రేపు హాస్టల్ సీటు ఫైల్లోనో క్రమశిక్షణ కమిటీ ముందో తేలవచ్చు. "చేర్చలేదు" అని తెరిచి చెప్పడం వల్ల చదివిన వాళ్లకు ఏదో దాచారన్న అనుమానం రాదు. గోప్యత పద్ధతి ప్రకారమే ఉందని అర్థమవుతుంది.

రాని 27వ తేదీ గురించి లేఖలో ఏమీ లేదు. ఉండనక్కర లేదు. హాజరైన సెషన్ల లెక్క నిజమైతే చాలు. అలాగే సెషన్ తేదీలన్నీ వరుసగా రాయించుకునే ముందు ఒకసారి ఆలోచించాలి. శుక్రవారం పొద్దున కౌన్సెలర్ దగ్గర ఉన్నానని లేఖ చెబుతుంది. అదే గంటలో క్లాసులో ఉన్నట్టు స్నేహితురాలు ప్రాక్సీ హాజరు పలికి ఉంటే, సాయం కోసం తెచ్చిన లేఖే మెడకు చుట్టుకుంటుంది. సంఖ్య చెబితే సరిపోయే చోట తేదీలు అవసరం లేదు.

మద్దతు వాక్యం కూడా కావాలంటే ఇలా ఉండొచ్చు: "ఈ కాలంలో చదువు పనిని నిలకడగా చేయడం ఆమెకు కష్టమైందని నా వృత్తిపరమైన అభిప్రాయం. అదనపు సమయం ఇస్తే ఉపయోగపడుతుంది." ఎందుకు కష్టమైందో మాత్రం ఉండదు. "వల్ల", "కారణంగా" అన్న మాటలు లేఖలో కనబడితే ఆగి మళ్లీ చదవండి. గుట్టు సాధారణంగా ఆ మాటల వెనకే బయటికి వస్తుంది.

కాగితం తానుగా చెప్పేసే సంగతులు

లోపలి వాక్యాలు జాగ్రత్తగా రాసినా, పైన లెటర్‌హెడ్ బయట పెట్టేస్తుంది. "వ్యసన విముక్తి కేంద్రం" అనో "మానసిక వ్యాధుల విభాగం" అనో అచ్చయి ఉంటే కింద ఏం రాసినా చదివేవాడు ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు. ముద్రలో కూడా అదే సమస్య. ఆసుపత్రి పేరు మాత్రమే ఉన్న లెటర్‌హెడ్, లేదా కౌన్సెలర్ పేరు, అర్హత ఉన్న సాదా కాగితం ఇవ్వగలరా అని అడగడం తప్పు కాదు.

ఇంకో అలవాటు మరీ ప్రమాదం. ప్రత్యేకంగా లేఖ అడగడానికి మొహమాటపడి, సర్కారు దవాఖానలో ఇచ్చిన ఓపీ చీటీనే జిరాక్స్ తీసి దరఖాస్తుకు గుచ్చేస్తారు. ఆ చీటీ మీద డాక్టరు రాసుకున్న లక్షణాలుంటాయి, మందుల పేర్లుంటాయి. మందు పేరు ఫోన్‌లో కొట్టి చూస్తే అది దేనికి వాడతారో అరనిమిషంలో తెలుస్తుంది. చీటీ డాక్టరుకూ మందుల షాపుకూ రాసిన కాగితం. కాలేజీ ఆఫీసు కోసం రాసింది కాదు.

కాగితం నడిచే దారి కూడా చూడాలి. దరఖాస్తు ఇన్‌వార్డ్‌లో నంబరు పడుతుంది, క్లర్కు చదువుతాడు, అటెండర్ మోసుకుపోతాడు, హెచ్‌ఓడీ టేబుల్ మీద రెండు రోజులు పడి ఉంటుంది. మూడో రోజు క్యాంటీన్ దగ్గర "ఏమమ్మా, దిమాక్ డాక్టర్ దగ్గరికి పోతున్నవంట" అని ఎవరో అడుగుతారు. ఊరూ పట్నమూ కలిసిపోయిన నిజామాబాద్, బోధన్ లాంటి చోట ఆ మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. కులం పేరుతో ఇప్పటికే "వీళ్లకు చదువు అబ్బదు" అనిపించుకుంటున్న అమ్మాయికి ఇప్పుడు "పిచ్చి" అన్న ముద్ర అదనం.

అందుకే దరఖాస్తు వేరు, లేఖ వేరు చేయాలి. దరఖాస్తులో "జత: గోప్య లేఖ ఒకటి, సీల్డ్ కవరులో" అని రాసి, కవరు మీద నిర్ణయం తీసుకునే అధికారి హోదా మాత్రమే రాసి నేరుగా అందజేయాలి. ఇన్‌వార్డ్ ముద్ర దరఖాస్తు కాపీ మీద వేయించుకోవాలి, లేఖ మీద కాదు. చూసి తిరిగి ఇవ్వమని కూడా అడగవచ్చు. మన విద్యార్థిని విషయంలో ఆ అధికారి గైడ్ కాకుండా హెచ్‌ఓడీ లేదా ప్రిన్సిపాల్ అయితేనే ఈ జాగ్రత్తకు అర్థం ఉంటుంది.

కారణం ఎవరు చెప్పాలి?

గడువు అడిగేది విద్యార్థి. కౌన్సెలర్ లేఖ ఆ మాటకు ఊత మాత్రమే. కాబట్టి చదువుకు సంబంధించిన లెక్క దరఖాస్తులో ఉండాలి. మన విద్యార్థిని ఇలా రాసింది: అయిదు అధ్యాయాల్లో మూడు ఇచ్చాను, కార్మికుల ఇంటర్వ్యూలు ఇంకా నాలుగు మిగిలాయి, అవి పూర్తి చేసి చివరి రెండు అధ్యాయాలు రాయడానికి 30 రోజులు కావాలి, కొత్త తేదీ ఏప్రిల్ 30గా ఇవ్వండి. "ఆరోగ్య కారణాల వల్ల" అన్న రెండు మాటలు చాలు. ఎంత సమయం కావాలో, ఆ సమయంలో ఏం చేస్తారో స్పష్టంగా ఉంటే, "అసలు ఏమైంది?" అన్న ప్రశ్న చాలాసార్లు రాదు.

వస్తే? హెచ్‌ఓడీ కౌన్సెలర్‌కు ఫోన్ చేసి "మేడం, అమ్మాయి ప్రాబ్లం ఏంటో చెబితే మేమూ హెల్ప్ చేస్తం కదా" అనవచ్చు. నిజంగా మంచి ఉద్దేశంతోనే అనవచ్చు. కౌన్సెలర్ జవాబు ఒక్కటే: "లేఖ నేనే ఇచ్చాను సార్. అందులో ఉన్నది నిజం. మిగతాది ఆమె అనుమతి లేకుండా మాట్లాడలేను." ఈ జవాబు ముందే మాట్లాడుకుని ఉండాలి. అందుకే అనుమతి పత్రంలో మూడు సంగతులు ఉండాలి: ఎవరికి, ఏ వివరాలు, ఎప్పటి వరకు. "నా వివరాలు కాలేజీకి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను" అని మొత్తానికి ఒక గీత గీసి సంతకం పెట్టించుకుంటే ఆ పత్రం విద్యార్థిని కాపాడదు, తలుపు తెరిచి పెడుతుంది. సంతకం పెట్టేముందు లేఖ ముసాయిదా చదివి వినిపించమని అడగండి.

చట్టం ఎంతవరకు తోడుంటుంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షన్ గోప్యత హక్కు గురించి చెబుతుంది. చికిత్సలో తెలిసిన సమాచారాన్ని ఆరోగ్య వృత్తి నిపుణులు గోప్యంగా ఉంచాలి. మినహాయింపులు కొన్నే: రోగి నామినేట్ చేసిన ప్రతినిధికి ఆయన పని చేయడానికి అవసరమైనంత, చికిత్స చేసే ఇతర నిపుణులకు, ప్రాణాపాయం లేదా ఇతరులకు హాని తప్పించడానికి అవసరమైన మేరకు, కోర్టు లేదా చట్టబద్ధ అధికార సంస్థ ఆదేశిస్తే, ప్రజా భద్రత కోసం. ఈ జాబితాలో కాలేజీ లేదు, గైడ్ లేడు. గడువు పొడిగింపు అసలే లేదు.

పరిమితి కూడా చెప్పుకోవాలి. ఈ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి గురించి, ఆరోగ్య వృత్తి నిపుణుల గురించి మాట్లాడుతుంది. ఎన్జీవోలో శిక్షణ పొంది కౌన్సెలింగ్ చేసే వారికి, కాలేజీలో అదనపు బాధ్యతగా ఆ పని చూసే లెక్చరర్‌కు ఇది నేరుగా వర్తిస్తుందా అన్నది వాదనకు వస్తుంది. అక్కడ మనకు గట్టి ఆధారం రాతపూర్వక అనుమతి పత్రమే. విద్యార్థి 18 ఏళ్ల లోపువారైతే చట్టంలో సంరక్షకుల పాత్ర ఉంటుంది, కాబట్టి ఇంటర్ పిల్లల విషయంలో ఇదే పద్ధతి ఉన్నదున్నట్టు నడవదు. పిల్లలపై లైంగిక హింస సంగతి తెలిస్తే పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయడం తప్పనిసరి. కానీ అప్పుడు కూడా ఆ సంగతి పోలీసులకు పోతుంది, గడువు లేఖలోకి రాదు.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సుకదేబ్ సాహా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్న ఆ కేసులో, 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని చెప్పింది. ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాల విద్యార్థుల పట్ల వివక్ష లేకుండా నడుచుకునేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. "మా దగ్గర కౌన్సెలర్ లేరు, బయటి లెటర్ చెల్లదు" అన్న కాలేజీకి మొదటి సగం మాటకు ముందు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందని గుర్తు చేయవచ్చు.

అయితే కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి పోయేముందు కూడా ఒక ప్రశ్న వేయండి: నోట్స్ ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు? కౌన్సెలరే మీకు పాఠం చెప్పే సారు అయితే, మార్కులు వేసే చేయీ మాట వినే చెవీ ఒకే మనిషివి అవుతాయి. అలాంటప్పుడు బయట ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలింగ్ తీసుకోవడం మేలు. అత్యవసరంగా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కానీ ఫోన్‌లో ఒకసారి మాట్లాడినంత మాత్రాన హాజరు లేఖ వస్తుందని అనుకోవద్దు.

లేఖ చేయలేని పని

కౌన్సెలర్ ముందు తేదీ వేసి ఇవ్వలేరు. జనవరిలో పని ఆగిపోయినా మొదటి సెషన్ ఫిబ్రవరి 6 అయితే లేఖ అక్కడి నుంచే మాట్లాడుతుంది. జనవరి సంగతి దరఖాస్తులో విద్యార్థే చెప్పుకోవాలి. కాలేజీని ఒప్పించే అధికారం కూడా లేఖకు లేదు. నిరాకరిస్తే కారణం రాసి ఇమ్మని అడగాలి, ఆ కాగితంతో ప్రిన్సిపాల్‌కు, అక్కడి నుంచి యూనివర్సిటీకి, ఎస్సీ, ఎస్టీ సెల్‌కు పోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. గైడ్ కులాన్ని ఎత్తి నలుగురిలో అన్న మాట ఈ లేఖలో లేదు. దాచిపెట్టడానికి కాదు, దాని చోటు వేరు కాబట్టి. గడువు లేఖలో ఆ సంగతి సగం సగం రాస్తే అది ఫిర్యాదుగా నిలబడదు, పైగా ఎదుటివాడికి ముందే జాగ్రత్తపడే అవకాశం ఇస్తుంది. ఫిర్యాదు చేయాలనుకుంటే తేదీ, చోటు, అన్న మాట, విన్నవాళ్లు అన్నీ రాసుకుని, ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలో ఆమే నిర్ణయించుకుంటుంది. అప్పుడు కౌన్సెలర్ రికార్డు అవసరమైతే దానికి మరో అనుమతి, మరో కాగితం. గడువు లేఖను అయిదారు వాక్యాల దగ్గర ఆపితే, ఆ రోజు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలన్నది పూర్తిగా ఆమె చేతిలోనే మిగిలి ఉంటుంది.